బంగారు ఫ్రేమ్

"నలుపు తీసేసి బంగారు రంగు వెయ్యండి అంకుల్, అంతే పని" అంది ఆ అమ్మాయి ఫోన్ నా ముందు పెడుతూ. వాళ్ల నాన్న ఫొటో. రైల్ మిల్లులో చేసి రిటైరైన మనిషి, క్వార్టర్ వరండాలో కూర్చుని నవ్వుతున్నాడు. ముక్కు మీద లావుపాటి నల్ల ప్లాస్టిక్ కళ్లజోడు. చివరి ఏళ్లలో పెట్టుకున్నది మాత్రం సన్నటి బంగారు రంగు ఫ్రేమట. గోడకి కట్టే పటంలో అదే ఉండాలని వాళ్లమ్మ పట్టు.

1959లో సోవియట్ సాయంతో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక భిలాయ్ వచ్చి స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి పటాలు చాలా ఉన్నాయి. సుపేలాలోని నా దుకాణంలో కొన్నిటికి నేనూ చెయ్యి పెట్టాను.

ముందు ఆమె చెప్పినట్టే చేసి చూశాను. `Hue/Saturation`లో రంగు తిప్పితే నలుపు నలుపుగానే ఉంది. నలుపులో మార్చడానికి రంగేదీ? `Colorize` పెట్టి వెలుగు పెంచితే పసుపు వచ్చింది గానీ, ఫ్రేమ్‌కి ఎవరో పెయింటు పూసినట్టయింది. తప్పు మెరుపులో ఉంది. ప్లాస్టిక్ ఏ రంగుదైనా దాని మీది మెరుపు తెల్లగా, అంటే పడిన వెలుతురు రంగులోనే ఉంటుంది. బంగారం అలా కాదు, మెరుపుకి కూడా తన పసుపు అంటిస్తుంది. పైగా లోహం మీద వెలుగూ చీకటీ పక్కపక్కనే చారలుగా పడతాయి. నల్ల ప్లాస్టిక్‌ని గోధుమ రంగు ప్లాస్టిక్ చెయ్యమంటే తెల్ల మెరుపుని వదిలేసి మిగతాది మారిస్తే సరిపోయేది. ఇక్కడ ఆ దారి లేదు.

"ఆ కళ్లజోళ్లు రెండూ ఇంట్లో ఉన్నాయా అమ్మా?"

మర్నాడు రెండూ తెచ్చింది. కాడల లోపలివైపు సైజు అంకెలుంటాయి. నల్లదాని మీద 54, 18. బంగారుదాని మీద 50, 18. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది ఎడం, మిల్లీమీటర్లలో. ఫొటోలో నల్లదాని అద్దం 270 పిక్సెళ్లుంది. అంటే మిల్లీమీటరుకి 5, కొత్త అద్దం 250 రావాలి. ఎత్తు స్కేలు పెట్టి కొలిచాను: పాతది 40 మిల్లీమీటర్లు, కొత్తది 32. బంగారు ఫ్రేమ్‌ని మా కుర్రాడికి పెట్టి, తల అంతే వంచి, వెలుతురు ఎడమ నుంచే వచ్చేలా తలుపు దగ్గర ఫొటో తీశాను. అందులోంచి ఫ్రేమ్ మాత్రం కత్తిరించి అతికించాను. బంగారపు మెరుపు నేను గీయాల్సిన పని తప్పింది.

అసలు పని అప్పుడు మొదలైంది. పాత అంచుకీ కొత్త అంచుకీ మధ్య, కంటి కింద, 40 పిక్సెళ్ల పట్టీ మిగిలింది. నిన్నటిదాకా అది అద్దంలోంచి కనబడిన బుగ్గ, ఇప్పుడది ఉత్త బుగ్గ. ఆయనది మైనస్ పవర్. మైనస్ అద్దంలోంచి చూస్తే ముఖం కాస్త చిన్నదవుతుంది కాబట్టి బుగ్గ గీత అద్దం దగ్గర మెట్టులా లోపలికి జరుగుతుంది. ఈ ఫొటోలో ఆ జరుగుడు 14 పిక్సెళ్లు. పట్టీలో గీతని అంత బయటికి తెచ్చి కింది చెంపతో కలపాలి, కొత్త అద్దం లోపల మాత్రం మెట్టుని అలాగే ఉంచాలి. అదీ సరిచేశామా, కళ్లజోడులో అద్దాలు లేనట్టే కనబడుతుంది. ఈ పొరపాటు నేను ఏళ్ల తరబడి చేశాను, ఎవరూ పట్టుకోలేదు.

చర్మానికి `Healing Brush` వాడితే పక్కనున్న నలుపు మసిలా పాకింది. అందుకే అంచు దగ్గర `Clone Stamp`, దూరం వచ్చాకే హీలింగ్. చెంప మీద పాత ఫ్రేమ్ నీడ లావుగా మిగిలిపోయింది. దాన్ని చెరిపి, ఆయన చర్మపు ముదురు రంగే తీసుకుని `Multiply`లో సన్నటి నీడ వేశాను. నల్ల రంగుతో వేసిన నీడ కాటుక గీతలా ఉంటుంది.

ఇక ఎడమ అద్దంలో తెల్లటి మెరుపు. తుడిచేద్దామనుకుని పెద్దది చేసి చూస్తే వరండా గ్రిల్లు, దాని ముందు ఎవరో నిలబడ్డ నీడ. ఆ అమ్మాయికి చూపించాను.

"అది నేనే అంకుల్. ఈ ఫొటో నేనే తీశాను."

కొత్త అద్దం లోపలి మెరుపు జోలికి పోలేదు. పట్టీలో ఉన్నది మాత్రం పోవాల్సిందే, ఉత్త బుగ్గ మీద గ్రిల్లు మెరవదు. బంగారు అంచు ఆమెని మోకాళ్ల దగ్గర కోసింది. తలా, చేతిలో ఫోనూ మిగిలాయి.