మెరుపు పోగానే గుర్మాల పట్టని మేస్త్రి

ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా కొత్తగా వేసిన కాంక్రీటు దారిని పోసిన రోజే సాయంత్రం చూడండి. చాలా ఇళ్లలో పగుళ్లు కనబడతాయి. వాటికో తీరుంటుంది. ఇంచుమించు ఒకదానికొకటి సమాంతరంగా, అడుగు నుంచి మూడడుగుల ఎడంలో ఏటవాలుగా సాగుతాయి. సాధారణంగా పలక అంచు దాకా రావు, మధ్యలోనే మొదలై మధ్యలోనే ఆగిపోతాయి. పైన వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. బరువు మోసినందువల్ల వచ్చినవి కావని ఈ తీరే చెబుతుంది. కారు ఇంకా ఎక్కనేలేదు, కాంక్రీటు ఇంకా గట్టిపడనేలేదు. అది మెత్తగా ఉన్న రెండు మూడు గంటల్లోనే పైపొర ముడుచుకుని చిరిగిపోయింది. ఇంజనీర్లు దీన్ని ప్లాస్టిక్ ష్రింకేజ్ అంటారు. గుంటూరులో ఏప్రిల్ నెలలో, వడగాలి మొదలయ్యే రోజుల్లో, ఇలాంటి పగులు ఒక్కటీ లేకుండా ఒక దారిని పూర్తిచేసిన మేస్త్రి పనితనం గురించి చెప్పాలని ఈ వ్యాసం.

దారి పెద్దదేమీ కాదు. మూడు మీటర్ల వెడల్పు, పదకొండు మీటర్ల పొడవు, అయిదంగుళాల మందం. నాలుగు ఘనమీటర్ల పైచిలుకు మాలు, అంటే ఒక్క ట్రాన్సిట్ మిక్సర్‌తో సరిపోయే పని. మేస్త్రి పెట్టిన షరతు ఒకటే: బండి తెల్లవారుజామున నాలుగున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. ఇంటాయన పదింటికి రమ్మంటే ఒప్పుకోలేదు.

ఆ పట్టుదల ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. తడి కాంక్రీటు మీద నుంచి గంటకు ఎంత నీరు ఆవిరవుతుందో చెప్పే సూత్రాన్ని పాల్ ఊనో అనే ఇంజనీరు 1998లో ప్రచురించాడు. అందులోకి నాలుగు సంగతులు వస్తాయి: గాలి వేడి, కాంక్రీటు వేడి, గాలిలో తేమ, గాలి వేగం. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి 38 డిగ్రీలు, కాంక్రీటు 35, తేమ 30 శాతం, గాలి గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. చదరపు మీటరుకు గంటకు దాదాపు 1.27 కిలోల నీరు పోతుంది. అదే తెల్లవారుజామున గాలి 27, కాంక్రీటు 29, తేమ 70 శాతం, గాలి వేగం 5 అయితే పావు కిలోనే. ఈ దారి మొత్తానికి చూస్తే మధ్యాహ్నం గంటకు నలభై రెండు లీటర్లు, తెల్లవారుజామున ఎనిమిది. సిమెంటు అదే, కూలీలు వాళ్లే. మారింది వేళ ఒక్కటే.

మరి ఆ ఆవిరయ్యే నీరు ఎక్కడిది? కాంక్రీటు పోశాక కంకర, ఇసుక, సిమెంటు తమ బరువుకు మెల్లగా కిందికి దిగుతాయి. తేలికైన నీరు పైకి ఊరుతుంది. ఊరే నీరు ఆరే నీటికి సరిపోయినంతసేపూ పైపొర తడిగానే ఉంటుంది. ఆరేది ఎక్కువైతే పైపొర రేణువుల నడుమ ఉన్న నీరు తగ్గిపోయి, రేణువులు ఒకదానినొకటి దగ్గరకు లాక్కుంటాయి. ఆ లాగుడును తట్టుకునే బలం ఇంకా రాలేదు కాబట్టి పగులుతుంది. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో ఆరుతోందంటే జాగ్రత్త పడాలని చాలాకాలంగా వాడుకలో ఉన్న హద్దు. బూడిద కలిసిన సిమెంట్లలోనూ, మెత్తని పిండి పాలు ఎక్కువున్న మాలులోనూ నీరు తక్కువగా ఊరుతుంది. వాటికి అందులో సగం ఆరినా ముప్పే.

అయిదుంపావుకల్లా మాలు పడింది. అంతకుముందే అడుగున గట్టి చేసిన నేలను బాగా తడిపారు, ఎక్కడా నీళ్లు మాత్రం నిలవనివ్వలేదు. పొడి నేల మీద పోస్తే పైన ఎండ లాగేసినట్టే కింద మట్టీ లాగేస్తుంది. అల్యూమినియం పట్టీతో మట్టం కొట్టారు, వెంటనే పొడుగు పిడి ఉన్న చెక్క పలకను ఒకసారి లాగి గుంటలూ గుట్టలూ సరిచేశారు. ఇది నీరు పైకి ఊరకముందే అయిపోవాలి, అయిపోయింది. తర్వాత మేస్త్రి చేతులు కడుక్కుని గోడవారన కూర్చున్నాడు.

నన్ను ఆకట్టుకున్నది ఈ కూర్చోవడమే. పలక మీద సన్నగా నీరు తేలి మెరుస్తోంది. ఈ దశలో రుద్దితే ఆ నీరంతా మళ్లీ పైపొరలోనే కలిసిపోతుంది. పై రెండు మూడు మిల్లీమీటర్లలో నీటిపాలు పెరిగి, ఏడాది తిరక్కముందే ఆ పొర పొడిగా లేచిపోతుంది. అందుకని చాలాచోట్ల పొడి సిమెంటు చల్లి ఆ నీటిని పీల్చేస్తారు. చూడటానికి నున్నగా వస్తుంది. కానీ కింది మాలుతో సరిగా కలవని ఆ పైపొర ఎక్కువగా ముడుచుకుని సాలెగూడులా పగుళ్లిస్తుంది. ఈ మేస్త్రి సిమెంటు బస్తాను దగ్గరకే రానివ్వలేదు.

తర్వాత గాళ్లు కోసి దారిని నాలుగు గడులు చేయాలి. ఆరుంపావుకు వాటిలో గేటు దగ్గరి గడిలో మెరుపు పోయింది. తతిమ్మా మూడు గడులూ ఇంకా తడిగానే ఉన్నాయి. ఇంటాయన కంగారుపడ్డాడు.

“మేస్త్రి గారూ, అక్కడ ఆరిపోతోంది కదండీ, మొదలుపెట్టరేం?”

“పైన ఆరిందండీ, లోపల ఆరలేదు. ఇప్పుడు రుద్దితే పాడైపోద్ది.”

ఈ పని మొత్తంలో కష్టమైన తేడా ఇదే. మెరుపు పోవడానికి రెండు కారణాలుంటాయి. నీరు ఊరడం ముగిసి కాంక్రీటు బిగుసుకోవడం ఒకటి. ఊరుతూనే ఉన్నా గాలి అంతకంటే వేగంగా తాగేయడం రెండోది. ఈ రెండోదానిలో పాల మీద మీగడ కట్టినట్టు పైన ఒక తొక్క కడుతుంది, కింద మాలు మెత్తగానే ఉంటుంది. కంటికి రెండూ ఒకలాగే కనబడతాయి. మేస్త్రి ఒక పాలిథీన్ ముక్కను ఆ గడి మీద పరిచి కాసేపు వదిలేశాడు. తీసేసరికి దాని అడుగున నీటి చుక్కలు, కింద కాంక్రీటు నల్లబడి తడిగా ఉంది. నీరు ఇంకా వస్తోంది, గాలే తాగేస్తోంది. ప్రహరీ ఆగిపోయి గేటు మొదలయ్యే ఆ చోటే గాలి సూటిగా లోపలికి వస్తోంది.

వెంటనే గేటుకు టార్పాలిన్ కట్టించాడు. మిరప చేలల్లో మందు కొట్టే చేతిపంపు ఒకటి కొత్తది కొని ఉంచుకున్నాడు. దానితో పలక మీదకు కాకుండా పలక పైన గాలిలోకి మంచులా నీటి తుంపర కొట్టించాడు. గాలిలో తేమ పెరిగితే ఆరుదల తగ్గుతుంది. తుంపర పలక మీద గుంటకట్టేలా కొట్టి, దాన్నే రుద్దేస్తే మాత్రం మళ్లీ మొదటి తప్పే.

అయినా ఆ గడిలో రెండు సన్నని గీతలు కనబడ్డాయి. జానెడేసి పొడవు, గాలికి అడ్డంగా, పక్కపక్కనే. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు గుర్మాల తీసుకున్నాడు.

“అది కాదురా, చెక్కది తే. నున్నగా పూస్తే దాక్కుంటది, ఎండెక్కగానే మళ్లీ నోరు తెరుస్తది.”

చెక్క పలకతో ఆ గీతల పొడవునా గట్టిగా తట్టాడు, తర్వాత ఒత్తుతూ గుండ్రంగా రుద్దాడు. పగులు అడుగు నుంచి మూసుకోవాలంటే లోపలి మాలు కదలాలి. కాంక్రీటు ఇంకా మెత్తగా ఉంది కాబట్టి కదిలింది. గంట ఆలస్యమైతే ఇది కుదరదు. అప్పుడు చేసే పూత పగులు మీద మూత మాత్రమే.

ఏడు గంటలకు అసలు రుద్దుడు మొదలైంది. దానికి ముందు మేస్త్రి పలక అంచున కాలు మోపి చూశాడు. చెప్పు అచ్చు ఓ అయిదు మిల్లీమీటర్ల లోతు దిగింది, అచ్చులో నీరు చేరలేదు. కాలు ఇంకా లోతుకు దిగితే తొందర, అచ్చు పడకపోతే ఆలస్యం. మోకాళ్ల కింద చెక్కలు వేసుకుని, గేటు గడి చివరికి ఉంచి, పోర్టికో వైపు నుంచి వెనక్కి జరుగుతూ వచ్చారు. మొదట చెక్క పలక వాడటానికి కారణముంది. చెక్క పైపొరను కాస్త గరుకుగా, తెరిచి ఉంచుతుంది. కింద మిగిలిన నీరూ గాలీ బయటికి పోవడానికి దారి ఉంటుంది. ఉక్కు గుర్మాల పైపొరను మూసేస్తుంది. తొందరపడి మూస్తే లోపలి నీరు దాని కిందే చిక్కుకుని, అక్కడక్కడ రూపాయి బిళ్లంత బుడగలు లేస్తాయి. లేదా తర్వాతెప్పుడో పెచ్చులుగా ఊడిపోతుంది. గుర్మాల కింద పలక బుడగకట్టడం కనబడితే అది ముందే మూసేశామన్న హెచ్చరిక.

ఎనిమిది దాటాక గుర్మాల పట్టాడు. వేలితో నొక్కితే అచ్చు పడుతోంది కానీ సిమెంట్ పాలు వేలికి అంటడం లేదు, అదీ అతని గుర్తు. గుర్మాలను దాదాపు చదునుగా ఉంచి ఒక్కసారే తిప్పాడు. నున్నగా అద్దంలా రావాలని ఇంటాయన ఆశ. మేస్త్రి ఒప్పుకోలేదు. వర్షానికి వాలు మీద కారు చక్రం జారుతుంది, మనిషీ జారతాడు. గుర్మాల పూర్తి కాగానే మెత్తటి చీపురును దారికి అడ్డంగా, ఒకే దిశలో, ఒక్కసారి లాగాడు. ఆ గీతల లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. చీపురు మాలును పొక్కించకుండా, గీత మాత్రం పడే ఆ కొద్దిసేపే దానికి తగిన వేళ. గేటు గడికి ఆ వేళ మిగతావాటి కంటే ముందే వచ్చింది. చివరికి ఉంచినా అది ముందే బిగుసుకుంటుందని గ్రహించి, మధ్యలో రెండో మనిషిని అక్కడికి పంపాడు.

తొమ్మిది కాకముందే పలక మీద పాలిథీన్ పరిచి, అంచుల్లో ఇటుకలు పెట్టారు. చీపురు గీతలు చెదరకుండా పట్టాను నెమ్మదిగా దించడానికి నలుగురు పట్టుకున్నారు. మధ్యాహ్నం దాటాక పాలిథీన్ పక్కకు తీసి, కటింగ్ మిషన్‌తో దారికి అడ్డంగా మూడు గాళ్లు కోశారు. ఒక్కోటి పలక మందంలో నాలుగో వంతు లోతు. రానున్న వారాల్లో ఆరే కొద్దీ కాంక్రీటు పొట్టిపడుతుంది కదా, ఆ పగులు ఎక్కడ రావాలో అవి చూపిస్తాయి. ఉదయం అతను అడ్డుకున్నది వేరే పగులు, దానికి గాళ్లు ఏమీ చేయలేవు.

సాయంత్రం గోనెపట్టాలు తడిపి పాలిథీన్ కింద పరిచారు. ఎండలు ఉన్నప్పుడు కనీసం పది రోజులు, బూడిద కలిసిన సిమెంటు అయితే పద్నాలుగు రోజులు తడి ఉంచాలని మన ఐఎస్ 456 నియమావళి చెబుతుంది. ఇంటాయన పద్నాలుగూ పాటించాడు, అప్పటిదాకా కారును వీధిలోనే పెట్టుకున్నాడు. పట్టాలు తీసిన రోజున నేను గేటు గడి దగ్గర వంగి చూశాను. మొదట్లో రెండు గీతలు పడిన చోట చీపురు గీతలు పక్కవాటిలాగే ఏకంగా సాగుతున్నాయి.