ఆమ్లజని, ఆక్సిజన్, ఆక్సీకరణం: పారిభాషిక పదాల ఎంపికపై ఒక పరిశీలన

విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాల అనువాదంలో కొత్త పదం కల్పించాలా, ఆంగ్లపదాన్ని తెలుగు లిపిలో రాయాలా అన్న చర్చ సాధారణంగా ఒక్కొక్క పదం చుట్టూనే తిరుగుతుంది. ఆ పదం నుండి పుట్టే ఇతర పదాలను ఎవరూ అంతగా పట్టించుకోరు. ‘ఆమ్లజని’ చరిత్ర ఈ లోపాన్ని స్పష్టంగా చూపుతుంది.

ఆమ్లాలన్నింటికీ మూలం ఈ వాయువేనన్న నమ్మకంతో లావోయిజర్ గ్రీకు ధాతువుల నుండి ‘ఆక్సిజన్’ అనే పేరును రూపొందించాడు. దానికి యథాతథమైన అనుసరణే ‘ఆమ్లజని’. అయితే 1810లో డేవీ క్లోరిన్ ఒక మూలకమని నిరూపించడంతో ఆ నమ్మకం నిలవలేదు. హైడ్రోక్లోరికామ్లంలో (HCl) ఆక్సిజన్ లేనే లేదు. గ్రీకు తెలియని ఆంగ్ల విద్యార్థికి ‘ఆక్సిజన్’ కేవలం ఒక పేరు. తెలుగు విద్యార్థికి మాత్రం ‘ఆమ్లం’ అదే పుస్తకంలో నేర్చుకునే పదం కనుక, ‘ఆమ్లజని’ ప్రతిసారీ ఒక తప్పుడు నిర్వచనాన్ని గుర్తుచేస్తుంది. సంస్కృతపదం అర్థమవుతుంది కనుక మేలన్న వాదం ఇక్కడ తలకిందులవుతుంది.

అసలు చిక్కు ఉత్పన్నపదాల దగ్గర ఎదురవుతుంది. ఆక్సిజన్‌తో కలిసే చర్యను ‘ఆమ్లజనీకరణం’ అంటే, ఆమ్లంగా మార్చడమనే అర్థమున్న ‘ఆమ్లీకరణం’ పక్కనే నిలిచి తికమక పెడుతుంది. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘ఆక్సీకరణం’ ఆంగ్లధాతువుకు సంస్కృత ప్రత్యయాన్ని చేర్చిన మిశ్రపదం. శుద్ధవాదులకు ఇది రుచించకపోవచ్చు. కానీ ఆక్సైడ్, ఆక్సీకరణి, ఆక్సీకరణ సంఖ్య అన్నీ ఒకే వరుసలో కుదురుతాయి, రోమన్ లిపిలోనే ఉంచే O అనే సంకేతంతోనూ పొంతన ఉంటుంది.

దీని జంటపదమైన ‘క్షయకరణం’ పూర్తిగా కల్పితం. CuO + H2 → Cu + H2O చర్యలో కాపర్ ఆక్సైడ్ ఆక్సిజన్‌ను కోల్పోతుంది కనుక ‘క్షయం’ అన్నమాట అక్కడ అతుకుతుంది. పై తరగతిలో ఇదే చర్యను Cu2+ రెండు ఎలక్ట్రాన్లను పొందడంగా వివరిస్తారు. పొందితే క్షయమెలా అని విద్యార్థి తడబడతాడు. తగ్గేది ఆక్సీకరణ సంఖ్య, +2 నుండి 0కి. ఆ మాట పాఠంలో చెప్పకపోతే పదమే అడ్డంకి అవుతుంది. ఆంగ్లంలోని ‘రిడక్షన్’కూ ఈ దోషం ఉంది కనుక ఇక్కడ లిప్యంతరీకరణతో ఒరిగేదేమీ లేదు. పదాన్ని ఉంచి, వివరణను సరిచేయడమే మార్గం.

అలాగని ‘జని’ పదాలన్నింటినీ తొలగించనక్కరలేదు. ‘నత్రజని’ ఎరువుల వ్యవహారంలో నేటికీ సజీవం. నత్రజని, భాస్వరం, పొటాష్ అని రైతు ఒకే ఊపిరిలో అంటాడు. అందులో చివరిది లిప్యంతరీకరణమన్న స్పృహే అతనికి ఉండదు. రసాయనశాస్త్ర పుస్తకం ‘నైట్రోజన్’ అనీ వ్యవసాయ పాఠం ‘నత్రజని’ అనీ రాస్తున్నప్పుడు, రెండూ ఒకటేనని మొదటి ప్రయోగంలోనే ఏదో ఒక పుస్తకం చెప్పాలి. చాలాచోట్ల ఆ ఒక్క వాక్యమే కనిపించదు.