చదరపు అడుగులకు లొంగని తివాచీ లెక్క

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు తివాచీ వేయించేటప్పుడు ముందుగా చదరపు అడుగులే చూస్తారు. హాలు 17 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు అనుకుందాం: 238. మూడడుగుల వెడల్పున్న 13 మెట్లకు ఇంకో 62. మొత్తం 300. రోల్ వెడల్పు 12 అడుగులు గనుక 25 అడుగుల పొడవు తీసుకుంటే చాలనిపిస్తుంది. డిజైన్ ఉన్న తివాచీ అయితే ఈ ఇంటికి ముప్పై అయిదున్నర కావాలి.

గోడల దగ్గర కోసి సర్దడానికి ప్రతి అంచునా 3 అంగుళాలు వదులుతారు. అందుకని మొదటి ముక్క పొడవు పదిహేడున్నర అడుగులు. అది పరిచాక ఒక పక్క 27 అంగుళాల మేర నేల మిగిలిపోతుంది. దానికీ అంతే పొడవున్న రెండో ముక్క కావాలి. డిజైన్ పొడవునా ప్రతి 2 అడుగులకు తిరిగి మొదలవుతుందంటే, అతుకు దగ్గర పువ్వు పువ్వుతో కలవాలి కాబట్టి రెండో ముక్క రోల్ మీద 18వ అడుగు దగ్గరే మొదలవ్వాలి. మధ్యలో అర అడుగు వృథా. ఆ అతుకును సోఫా ఆనించే గోడవైపు ఉంచితే నడకలో నలగదు. రెండు ముక్కల్లోనూ పోగులు ఒకే దిక్కుకు వాలాలి. లేదంటే ఒకే తివాచీ రెండు రంగులుగా కనబడుతుంది. చేత్తో నిమిరి చూస్తే వాలు తెలిసిపోతుంది.

రెండో ముక్కలో హాలుకు పోయేది రెండున్నర అడుగుల వెడల్పే. మిగిలిన తొమ్మిదిన్నరలోంచి మెట్లు తీయాలి. మెట్టు నిలువు ఏడున్నర, పలక 10, ముందుకొచ్చిన అంచు, లోపలికి దోపడం కలిపి మెట్టుకు 19 అంగుళాలు. 13 మెట్లకు 20 అడుగుల 7 అంగుళాలు. ఒక పట్టీ చాలదు, రెండు కావాలి. పక్కల వదులుతో పట్టీ వెడల్పు 38 అంగుళాలు. కొలతకైతే మూడు పట్టీలు వస్తాయి. కానీ డిజైన్ అడ్డంగా ప్రతి 36 అంగుళాలకు మళ్లీ వస్తుంటే, పక్కనే రెండో పట్టీ కోయడానికి 2 అంగుళాలు తక్కువవుతాయి. అందుకే ఇంకో 36 దాటి, రెండున్నర అడుగుల దగ్గర ఒకటి, ఎనిమిదిన్నర దగ్గర ఒకటి తీస్తారు. మధ్యది పోతుంది.

కింది నుంచి పది మెట్లు మొదటి పట్టీ, పైన మూడు రెండోది. అతుకు పలకా నిలువూ కలిసే మూలలోనే పడాలి. మెట్టు అంచు మీద పడితే ప్రతి అడుగూ దాన్నే ఒరుసుకుంటుంది, కొన్నాళ్లకు పోగులు లేచిపోతాయి. పది మెట్లకు 190 అంగుళాలు, అంటే ఏడు డిజైన్లు పోగా 22 అంగుళాలు. రెండో పట్టీని డిజైన్‌లో ఆ 22వ అంగుళం దగ్గరే కోసి మొదలుపెడితే పువ్వు తెగదు. మెట్ల మీద పోగుల వాలు కిందికి ఉండాలి.

డబ్బు కట్టే ముందు షాపువాళ్లను రెండు సంగతులు అడగండి: డిజైన్ నిలువునా అడ్డంగా ఎంతెంత దూరానికి తిరిగి వస్తుంది, ఏ ముక్క రోల్‌లో ఎక్కడి నుంచి కోస్తారు. రెండోదాన్ని కాగితం మీద గీసి ఇమ్మనండి.