ఆమ్లజనియా, ఆక్సిజనా?

శాస్త్రపాఠ్యగ్రంథముల ననువదించువారికి మూడు మార్గములు కలవు: క్రొత్తపదమును కల్పించుట, ఆంగ్లపదమును తెలుగు లిపిలో వ్రాయుట, దానిని రోమను లిపిలోనే నిలుపుట. వీనిలో నేది మేలన్న చర్చ తరచుగా భాషాభిమానముతో ముగియుచున్నది. పదము విద్యార్థికేమి బోధించునో పరీక్షించుట యంతకంటె ముఖ్యమని మా యభిప్రాయము. ఇందుకు 'ఆమ్లజని' మంచి నిదర్శనము.

ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని లావోయిజే విశ్వసించెను. గ్రీకు ధాతువులతో నేర్పడిన 'ఆక్సిజన్' నామము ఆయనయు సహచరులును 1787లో ప్రకటించిన రసాయననామపద్ధతిలో స్థిరపడినది. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిను మూలకమని నిరూపింపగా ఆ విశ్వాసము సడలెను. ఆంగ్లవిద్యార్థికి గ్రీకు రాదు గనుక పేరులోని పొరపాటు వానికి కనబడదు. తెలుగు విద్యార్థి యట్లు కాదు; 'ఆమ్లమును జనింపజేయునది' అని విగ్రహవాక్యము చెప్పుకొనును. పిదప ఉదహరికామ్లమున నున్నవి ఉదజని, హరితము మాత్రమేయని చదివి, ఆమ్లజని లేని యామ్లమెట్లు కలిగెనని యడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మరుగుపడిన దోషమును అనువాదమే వెలికి తెచ్చినది. ఇదే మూసలోని 'ఉదజని'కి ఈ చిక్కు లేదు. ఆ వాయువు మండినచో నీరు నిజముగనే పుట్టును.

'ప్రాణవాయువు' ప్రజలకు పరిచితము. కాని ఆయుర్వేదమున ఆ పేరు పంచవాయువులలో నొకదానికి ముందే చెందియున్నది. పైగా దానినుండి ఆక్సైడు వంటి పదములు సులభముగా పుట్టవు.

జర్మనులు 'ఆమ్లద్రవ్యము' అను నర్థమిచ్చు 'జవర్‌స్టోఫ్' పదమును నేటికిని వాడుచున్నారు గదా యని యాక్షేపింపవచ్చును. అది వారి నిత్యవ్యవహారమున నరిగి, అవయవార్థమును కోల్పోయినది. 'ఆమ్లజని' ప్రధానముగా పాఠ్యపుస్తకమునకే పరిమితమై, చదివినప్పుడెల్ల అవయవార్థమును స్ఫురింపజేయును.

ఇక పదకుటుంబమును చూడవలెను. సోడియము క్లోరినులో మండినప్పుడు సోడియము ఎలక్ట్రానును కోల్పోవును, దీనిని ఆక్సీకరణమందురు. ఇందు ఆక్సిజనునకు పాత్ర లేదు. దీనినే 'ఆమ్లజనీకరణము' అన్నచో, లేని వాయువునకు తోడు లేని యామ్లము కూడ తలపునకు వచ్చును. 'ఆక్సీకరణము' వైరిసమాసము వంటిదని వైయాకరణులు ముఖము చిట్లింపవచ్చును. కాని అన్యదేశ్యప్రకృతిపై సంస్కృతప్రక్రియ చక్కగ నిలిచి, అపార్థమును తగ్గించినది. పూర్తిగ తొలగించినదని మాత్రము చెప్పజాలము. ఆక్సిజను వాసన అందు మిగిలియే యున్నది.

కావున మూలకముల పేళ్లకు లిప్యంతరీకరణమును, O, HCl వంటి సంకేతములకు రోమను లిపిని, సాంద్రత, ద్రవీభవనము వంటి భావములకు స్వీయపదములను గ్రహించుట యుక్తము. అయినను రైతు నోట నిలిచిన 'నత్రజని'ని వ్యవసాయగ్రంథమునుండి తొలగింపరాదు. అచ్చట ఆ పదము ఎరువును తెలుపుచున్నదే కాని యే సిద్ధాంతమును మోయుట లేదు.