పైకప్పు ఎగిరిపోకుండా వేసిన లెక్క

విశాఖ శివార్లలో కట్టబోయే ఒక ఉక్కు గోడౌన్‌కు ఒక ఇంజనీరు వేసిన గాలి లెక్క చూశాను. 20 మీటర్ల వెడల్పు, చూరు దగ్గర 8 మీటర్ల ఎత్తు, 5 డిగ్రీల వాలు, పైన పలచటి రేకులు. ప్రతి అంకె పక్కనా దాన్ని ఎందుకు తీసుకున్నారో రాసి ఉంది.

ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం విశాఖలో మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. స్థలానికి ఒక పక్క ఇళ్లున్నాయి, మిగతా మూడు పక్కలా పొలాలు. ఇళ్లను చూపి మూడో తరగతి నేల అనుకుంటే ఎత్తు గుణకం 0.91కి దిగి, ఒత్తిడి 17 శాతం తగ్గేది. ఆయన అలా చేయలేదు. తుపాను గాలి ఏ దిక్కు నుంచైనా తిరగబడుతుంది కాబట్టి రెండో తరగతి ఖాయం చేసి, గుణకం 1.0 తీసుకున్నారు. తీరానికి 60 కిలోమీటర్ల లోపల ఉన్నందున పారిశ్రామిక కట్టడాలకు చెప్పిన 1.15 తుపాను గుణకం కూడా వేశారు. వేగం 57.5 అయింది. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1,984 న్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల ఒత్తిడి.

ఈ ఒత్తిడి కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. ఆ వాలుకు బయటి గుణకం మైనస్ 0.9. అన్నీ మూసి ఉంటే లోపలి గుణకం 0.2 చాలు. కానీ తుపానులో ముందుగా లొంగేది రోలింగ్ షట్టరే. అది ఊడితే గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి తోస్తుంది. అందుకే లోపలికి 0.5 తీసుకున్నారు. మొత్తం 1.4, అంటే చదరపు మీటరుకు 280 కిలోలు పైకి. రేకులూ పర్లిన్లూ కలిపి బరువు పది పన్నెండు కిలోలకు మించదు.

నాకు బాగా నచ్చింది అంచుల లెక్క. అంచు వెంబడి 3 మీటర్ల పట్టీలో గాలి సుళ్లు తిరుగుతుంది, అక్కడ బయటి గుణకం మైనస్ 1.4. లోపలిది కలిస్తే 1.9, అంటే 380 కిలోలు. పర్లిన్లు మీటరున్నర ఎడంలో, స్క్రూలు 30 సెంటీమీటర్లకు ఒకటి ఉంటే మధ్యలో ఒక్కో స్క్రూ మీద 126 కిలోలు పడితే, అంచున 171 పడుతుంది. తుపాను తర్వాత స్క్రూలు పర్లిన్‌కే ఉండి రేకు మాత్రం కనిపించకపోతే, స్క్రూ తల చుట్టూ రేకు చిరిగిందన్నమాట. ఎక్కువగా అది అంచు దగ్గరే మొదలవుతుంది.

ఆయన ఖరీదైన మందపాటి రేకు వేయమనలేదు. అంచు పట్టీలో పర్లిన్లను మీటరు ఎడానికి దగ్గర చేశారు. స్క్రూ మీద భారం 114 కిలోలకు దిగింది, మధ్యలోని దానికన్నా తక్కువ. ఈ తేడాను లెక్కలోనే వదిలేయకుండా, కప్పు డ్రాయింగులో ఆ పట్టీని వేరుగా గీసి కొలతలు వేశారు. రేకులు బిగించే మేస్త్రీ గుణకాల పట్టిక చూడడు, డ్రాయింగే చూస్తాడు. లెక్క అతని చేతిదాకా చేరింది కాబట్టే దాన్ని మంచి పని అంటున్నాను.