నాలుగు గడుల సారాంశం: ద్రావిడ భాషల కాలనిర్ణయ పత్రం ఆధారంగా ఒక పరిశీలన

పరిశోధనా పత్రాన్ని ఉద్దేశం, పద్ధతి, ఫలితాలు, పరిమితులు అనే నాలుగు శీర్షికల కిందికి కుదించి సెమినార్‌లో సమర్పించడం విశ్వవిద్యాలయ శాఖల్లో స్థిరపడిన ఆచారం. ఈ విధానంలో ఒక చిక్కు ఉంది. గడులు నింపడం సులభం కాబట్టి, ఏ వాక్యం ఏ గడికి చెందుతుందన్న ప్రశ్న వెనక్కి వెళుతుంది. పత్రం ముందుమాటలోని నేపథ్యం ఉద్దేశంగా మారుతుంది. రచయితలు ఊహగా చెప్పినది ఫలితంగా మారుతుంది. పరిమితుల గడిలో ఏ పత్రానికైనా అతికే ఒక వాక్యం మిగులుతుంది. ఈ జారుడు ఎక్కడ జరుగుతుందో చూడడానికి తెలుగు భాషాశాస్త్ర విద్యార్థులకు దగ్గరి సంబంధమున్న ఒక పత్రం తగిన ఉదాహరణ అవుతుంది.

విష్ణుప్రియ కొలిపాకం, అన్నేమరీ వెర్కెర్క్ తదితరులు కలిసి రాసిన ద్రావిడ భాషాకుటుంబ అధ్యయనం 2018 మార్చిలో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో వెలువడింది. బేజియన్ గణాంక పద్ధతితో ద్రావిడ భాషల వంశవృక్షాన్ని నిర్మించి, ఆ కుటుంబం వయస్సు సుమారు 4500 సంవత్సరాలని ఈ పత్రం చెప్పింది. ఆ ఒక్క సంఖ్యే పత్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణించింది.

ఈ పత్రంపై తయారయ్యే సారాంశాల్లో ఉద్దేశం గడి తరచుగా ఇలా నిండుతుంది: "ద్రావిడుల మూలస్థానాన్ని, వారి వలసలను నిర్ణయించడం." ఇలా రాయడానికి కారణం పత్రంలోనే ఉంది. సంగ్రహం మొదట్లోనే ద్రావిడ భాషల మూలస్థానం, వాటి వ్యాప్తి కాలక్రమం ఇంకా తెలియవని రచయితలు చెబుతారు. ఇండో-ఆర్య, ముండా భాషలపై ద్రావిడ ప్రభావాన్ని గుర్తుచేస్తారు. కానీ ఇది సమస్య విస్తృతిని చూపే నేపథ్యం మాత్రమే. "ఇక్కడ మేము" అని రచయితలు తమ పనిని తాము పేర్కొనే వాక్యం దాని తరువాత వస్తుంది. అందులో ఉన్నవి రెండే: కుటుంబంలోని ఉపశాఖల విభజనను పరిశీలించడం, ముఖ్యమైన చీలికలకు కాలాన్ని సూచించడం. సరిచూసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఉద్దేశం గడిలో రాసిన ప్రతి అంశానికీ ఫలితాల గడిలో ఒక జవాబు దొరకాలి. మూలస్థానం ఫలానా ప్రాంతమని ఈ పత్రం ఎక్కడా నిర్ణయించలేదు. కనుక అది ఉద్దేశం కాదు.

పద్ధతి గడి పరిస్థితి ఇంతకంటే విచిత్రం. అక్కడ సాధారణంగా "బేజియన్ వంశవృక్ష పద్ధతిని అనుసరించారు" అనే ఒకే వాక్యం ఉంటుంది. పేరు చెప్పడం పద్ధతిని చెప్పడం కాదు. సెమినార్‌లో కూర్చున్నవారికి తెలియవలసింది, మాట ఎట్లా అంకెగా మారింది, ఆ అంకె ఎట్లా సంవత్సరంగా మారింది అన్నది.

పరిశోధకులు 20 ద్రావిడ భాషలకు చెందిన మాతృభాషా వ్యవహర్తల నుంచి 100 ప్రాథమిక భావాలకు మాటలను స్వయంగా సేకరించారు. ఆ తరువాత ఒక్కొక్క భావానికి వచ్చిన మాటల్లో ఏవి ఒకే మూలం నుంచి పుట్టిన సజాతి పదాలో నిర్ణయించారు. ఈ పని స్వరూపం తెలియడానికి పత్రంతో నిమిత్తం లేని రెండు తేలిక ఉదాహరణలు చాలు. కుక్క అనే భావానికి తమిళంలో నాయ్, కన్నడంలో నాయి, మలయాళంలో నాయ ఉన్నాయి. తెలుగులో కుక్క ఉంది. నాయ్ అనే సజాతి వర్గానికి ఒక నిలువు వరుస గీస్తే తమిళ, కన్నడ, మలయాళాలకు 1, తెలుగుకు 0 పడుతుంది. కుక్క అనే మాటకు వేరే వరుస వస్తుంది. ఇలాంటి ఒకట్ల, సున్నల పట్టికే యంత్రం చదివే దత్తాంశం.

రెండవ ఉదాహరణ కొంచెం ఇబ్బంది పెడుతుంది. నీటికి తెలుగు, కన్నడాల్లో నీరు ఉంది. మలయాళ వ్యవహర్తను అడిగితే వెళ్ళం అంటాడు. అంటే నీరు వరుసలో మలయాళానికి 0. కానీ ఆ మాట మలయాళానికి తెలియనిది కాదు, నిత్యవ్యవహారంలో మొదట నోటికి వచ్చేది వేరొకటి, అంతే. వ్యవహర్తను అడిగి సేకరించిన జాబితాకు బలమూ ఇక్కడే ఉంది, బలహీనతా ఇక్కడే ఉంది. నిఘంటువులోని పాత మాట లోపలికి రాదు. భాష ఎరిగినా వాడని మాట సున్నగా కనిపించవచ్చు. పద్ధతి గడిలో ఈ అడుగు రాసుకున్న విద్యార్థికి పరిమితుల గడిలో ఏమి రాయాలో వెతుక్కోవలసిన పని ఉండదు.

ఇక రెండవ అడుగు. బేజియన్ విశ్లేషణ ఒకే ఒక వృక్షాన్ని ఇవ్వదు. దత్తాంశానికి సరిపోయే అనేక వృక్షాలను ఇస్తుంది. ఒక కొమ్మ వాటిలో ఎంత భాగంలో కనిపించిందన్నదే ఆ కొమ్మకున్న బలం. ప్రచురిత పటంలో కనిపించే చెట్టు ఆ సమూహానికి క్లుప్తరూపం. అందువల్ల పటం చూసి గీతలను మాత్రమే ఎత్తి రాసుకుంటే సరిపోదు, గీతల పక్కనున్న సంఖ్యలను కూడా చదవాలి. కాలం విషయంలో మరొక మెట్టు ఉంది. పదాల మార్పు నుంచి వచ్చేది సాపేక్షమైన దూరమే, అది నేరుగా సంవత్సరాలుగా మారదు. చారిత్రక ఆధారాలున్న కొన్ని తేదీలను ముందుగా హద్దులుగా ఇస్తేనే వృక్షం కాలమానంలో నిలబడుతుంది. అంటే ఫలితంగా వచ్చిన సంవత్సరాల్లో బయటి నుంచి ఇచ్చిన సమాచారానికీ భాగముంది. పద్ధతి గడిలో ఈ మాట లేకపోతే, వంద మాటలు లెక్కపెట్టగానే 4500 దానంతట అదే ఊడిపడిందని శ్రోత అనుకుంటాడు.

ఫలితాల గడిలో జరిగే నష్టం అందరికీ కనిపించేదే. 4500 అనేది కేంద్రస్థానంలోని అంచనా. దాని చుట్టూ ఉన్న 95 శాతం విశ్వసనీయ వ్యవధి సుమారు 3000 నుంచి 6500 సంవత్సరాల వరకు సాగుతుంది. సారాంశం ఆ వ్యవధిని వదిలి సంఖ్యను మాత్రమే మోసుకుపోతే, చర్చ దారి తప్పుతుంది. సింధు నాగరికత పరిణత దశ సుమారు క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు, అంటే నేటికి 4600 నుంచి 3900 సంవత్సరాల వెనుక. 4500 ఆ దశలో చక్కగా పడుతుంది. కాబట్టి "హరప్పా వారు ద్రావిడులే అని పత్రం రుజువు చేసింది" అని సెమినార్‌లో ఎవరో ఒకరు తప్పక అంటారు. కానీ 3000-6500 వ్యవధిలో ఆ దశకు ముందున్న కాలమూ, ఆ దశా, దాని తరువాతి కాలమూ మూడూ ఇముడుతాయి. తమ తేదీ పూర్వపు భాషాశాస్త్ర, పురావస్తు అధ్యయనాలతో బాగా పొసగుతుందని రచయితలు అంటారు. పొసగడం వేరు, రుజువు కావడం వేరు.

ఇంకొక పొరపాటు తెలుగువారికి ప్రత్యేకంగా ప్రీతికరమైనది: తెలుగు వయస్సు 4500 ఏళ్ళట. పత్రం చెప్పేది వృక్షం వేరు దగ్గరి తొలి చీలిక గురించి. మూల ద్రావిడం శాఖలుగా విడిపోవడం మొదలైన కాలమది. అప్పటికి తెలుగూ లేదు, తమిళమూ లేదు. తెలుగు తన సోదర భాషల నుంచి వేరుపడిన చోటు అదే వృక్షంలో చాలా కింద ఉంటుంది.

ఫలితాల్లో నిజంగా చర్చించదగినది వేరొకటి. ఉత్తర, మధ్య, దక్షిణ 1, దక్షిణ 2 అనే నాలుగు ప్రధాన శాఖలూ ఈ విశ్లేషణలో తిరిగి లభించాయి. శాఖల లోపల కొన్ని భాషల స్థానం మాత్రం పూర్వ వర్గీకరణలతో కలవలేదు. నాలుగు శాఖలకూ పరస్పరం ఉన్న సంబంధం చాలావరకు అనిశ్చితంగానే మిగిలింది. ఇక్కడ భద్రిరాజు కృష్ణమూర్తి ప్రసక్తి వస్తుంది. 2003లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన గ్రంథంలో ఆయన తెలుగు, గోండీ, కువి మొదలైన భాషలున్న దక్షిణ 2ను, తమిళ, కన్నడాదులున్న దక్షిణ 1ను ఒకే మూల దక్షిణ ద్రావిడం నుంచి వచ్చినవిగా వర్గీకరించారు. కొలిపాకం ప్రభృతుల పత్రం దీనిని ఖండించిందని రాస్తే అది తప్పు. సమర్థించిందని రాసినా తప్పే. వంద మాటల దత్తాంశం ఆ ప్రశ్నను తేల్చలేకపోయింది. తేలకపోవడం కూడా ఒక ఫలితమే. దాన్ని పరిమితుల గడిలోకి నెట్టడం రచయితలు శ్రమించి తెచ్చినదాన్ని చిన్నబుచ్చడం అవుతుంది.

పరిమితుల గడి గురించి ఒక్క మాట. "సుమారు 80 భాషాభేదాల్లో 20 మాత్రమే తీసుకున్నారు" అన్న వాక్యం నిజమే, కానీ ఒంటరిగా అది నిరుపయోగం. అది ఏ ఫలితాన్ని బలహీనపరుస్తుందో చెప్పినప్పుడే పరిమితి అవుతుంది. తీసుకోని భాషలు ముఖ్యంగా శాఖల లోపలి అమరికను ప్రభావితం చేయగలవు. దత్తాంశం పదజాలానికే పరిమితం కావడం ఇంతకంటే లోతైన విషయం. కృష్ణమూర్తి వర్గీకరణ ధ్వని పరిణామాలలోనూ, రూపనిర్మాణంలోనూ ఉమ్మడిగా వచ్చిన నవ్యతల మీద నిలిచింది. ఆ సాక్ష్యం ఈ పట్టికలోకి రాలేదు. కాబట్టి రెండు పరిశోధనల మధ్య తేడాలో కొంత, సాక్ష్యాల తేడాయే. రచయితలు తాము ఒప్పుకున్న పరిమితికీ, సారాంశకర్త గమనించిన పరిమితికీ మధ్య గీత గీయడం మరచిపోకూడదు. లేకపోతే తన ఆక్షేపణను రచయితల నోట పెట్టినట్టవుతుంది.

ఈ జాగ్రత్తలతో పత్రం ఇలా కుదురుతుంది. ఉద్దేశం: ద్రావిడ కుటుంబంలోని ఉపశాఖల విభజనను పరీక్షించడం, ముఖ్యమైన చీలికలకు కాలం అంచనా వేయడం. పద్ధతి: 20 భాషల వ్యవహర్తల నుంచి సేకరించిన 100 భావాల మాటలను సజాతి వర్గాలుగా విడదీసి, ఒకటి-సున్నల పట్టికగా మార్చి, చారిత్రక తేదీల హద్దులతో బేజియన్ విశ్లేషణ. ఫలితాలు: తొలి చీలిక సుమారు 4500 ఏళ్ళ కిందటిది, వ్యవధి సుమారు 3000-6500, నాలుగు శాఖలూ దొరికాయి, వాటి పరస్పర సంబంధం తేలలేదు. పరిమితులు: పదజాలం ఒక్కటే సాక్ష్యం కావడం వల్ల శాఖల పరస్పర సంబంధంపై తీర్పు బలహీనం, భాషల ఎంపిక వల్ల లోపలి అమరిక మారే అవకాశముంది, సంవత్సరాల లెక్క బయటి తేదీలపై ఆధారపడింది.

ఇంత కుదించిన తరువాత సెమినార్‌కు ప్రశ్న దానంతట అదే బయటపడుతుంది: ధ్వని, రూప నవ్యతలను కూడా ఒకటి-సున్నలుగా ఇదే పట్టికలో చేర్చితే దక్షిణ 1, దక్షిణ 2 దగ్గరపడతాయా? ఆ నవ్యతల్లో ఒకదానిపై ఒకటి ఆధారపడినవాటిని వేర్వేరు వరుసలుగా లెక్కించవచ్చా? రెండవ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మొదటిదానికి వెళ్ళడం కుదరదు.