మూడు నెలలకో మెయిల్: రెండు వరసలు

హైదరాబాద్ శివార్లలో ఏడాదికి 250 కోట్ల లోపు టర్నోవరున్న ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. క్వాలిటీ రికార్డుల సాఫ్ట్‌వేర్ డెమో 2024 ఫిబ్రవరిలో చూశారు. "బాగుంది కానీ ఈ ఏడు బడ్జెట్ లేదు" అన్నారు క్వాలిటీ హెడ్. ఆ తర్వాత ఏడాది పాటు ఇద్దరు సేల్స్‌వాళ్లు మూడు నెలలకోసారి ఆయనకు మెయిల్ రాశారనుకుని, రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటాయన మేలో రాసింది: "నమస్తే సార్, మా ప్రపోజల్ మీద నిర్ణయం ఏమైనా అయిందా? పదిహేను నిమిషాల కాల్ కుదురుతుందా?" ఆగస్టులో, నవంబరులో, ఫిబ్రవరిలో కూడా అదే. మర్యాదకు లోటు లేదు. కానీ నాలుగు మెయిళ్లకూ ఇవ్వగల జవాబు ఒక్కటే: ఇంకా లేదు. అదే మాట మూడోసారి రాయడానికి మొహమాటపడి క్వాలిటీ హెడ్ జవాబే మానేస్తారు. ఆ మౌనం చూసి అమ్మేవాడు ఆసక్తి లేదనుకుంటాడు.

రెండో ఆమె మేలో ఏమీ అడగలేదు. సవరించిన షెడ్యూల్ ఎం ప్రకారం ప్రతి ఉత్పత్తికీ చేయాల్సిన వార్షిక నాణ్యతా సమీక్షకు, వాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్న రికార్డుల్లో ఏవి పనికొస్తాయో ఒక పేజీలో రాసింది. ఆగస్టులో, డీవియేషన్లు మూసేసరికి ఆలస్యమవుతోందని డెమోలో ఆయన అన్న మాట గుర్తుపెట్టుకుని, సాఫ్ట్‌వేర్ లేకుండానే వాడుకోగల ఎక్సెల్ షీటు పంపింది. నవంబరులో మొదటిసారి అడిగింది: ఏప్రిల్ బడ్జెట్‌కు అంచనాలు ఎప్పటిలోగా ఇవ్వాలి, వాలిడేషన్ ఖర్చు విడిగా చూపాలా అని. ఒక మెయిల్లో రెండు ప్రశ్నలు ఎక్కువే. జవాబు మొదటిదానికే వచ్చింది.

ఆమె రాసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది నాలుగోది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం చిన్న, మధ్యతరహా తయారీదారులకు షెడ్యూల్ ఎం గడువును డిసెంబర్ 31 దాకా పొడిగించింది. మూడు నెలల్లోగా అప్‌గ్రేడ్ ప్రణాళికతో దరఖాస్తు చేసుకోవాలన్నది షరతు. ఈ వార్త ఆమె అమ్మకానికి అడ్డే, తొందర తగ్గిపోతుంది. అయినా అదే వారం తెలియజేసి, దరఖాస్తుకు కావలసిన ప్రణాళికలో రికార్డుల భాగం రాసిపెట్టనా అని అడిగింది. ఆయన ఆ మెయిల్‌ను ప్లాంట్ హెడ్‌కు ఫార్వర్డ్ చేశారు. ఇంత పొడవైన అమ్మకంలో "థాంక్యూ" అనే జవాబు కన్నా ఈ ఫార్వర్డే గట్టి సూచన.

రెండిటికీ తేడా పట్టాలంటే తేదీలు తీసేసి మెయిళ్లను తారుమారు చేసి చూడండి. మొదటి వరసలో ఏది ఎక్కడున్నా ఒకటే. రెండోదాంట్లో నవంబరు మెయిల్ మేలో పెడితే అర్థం లేదు, ఫిబ్రవరిది ముందు రాయడమే కుదరదు. రెండో ఆమెలా రాయడానికి ఖర్చూ ఉంది. ప్రతి సంభాషణ తర్వాత ఆయన మాటల్లోనే నోట్ రాసుకోవాలి, నిబంధనలు చదువుతుండాలి. అలా యాభై ఫ్యాక్టరీలకు రాయడం ఒక్కరి వల్ల కాదు.

ఈ త్రైమాసికం మెయిల్ రాసే ముందు పాత నోట్ తెరిచి చూడండి. కొనేవాళ్లకు పనికొచ్చే కొత్త విషయం ఏదీ దొరక్కపోతే ఈసారికి రాయకండి.